మూడు నెలల్లో 6 కిలోలు తగ్గిన అమ్మ ఇప్పుడు సోఫాలోంచి లేవలేకపోతోంది. ఏం చేయాలి?

"అమ్మకి 66 ఏళ్లు, షుగర్ ఉంది. రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలు తింటూ, పొద్దున కృష్ణకాంత్ పార్కులో నడుస్తూ మూడు నెలల్లో 76 నుంచి 70 కిలోలకి వచ్చింది. కానీ ఇప్పుడు చేతులు ఊనకుండా సోఫాలోంచి లేవలేకపోతోంది. ఇంకో 5 కిలోలు తగ్గమంటున్నారు. ఈ వయసులో ప్రొటీన్ పెంచడం, బరువులు ఎత్తించడం సేఫేనా?"

మా అత్తయ్యకి దాదాపు ఇదే జరిగింది. ఆవిడ శాకాహారి, షుగర్ కూడా ఉంది. మా ఫిజియోథెరపిస్ట్ నేర్పినవి, మాకు పనికొచ్చినవి రాస్తున్నాను.

ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. చేతుల్లేని గట్టి కుర్చీని గోడకి ఆనించి మీ అమ్మగారిని కూర్చోబెట్టండి. రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. పడకుండా మీరు పక్కనే నిలబడాలి. 65 నుంచి 69 ఏళ్ల ఆడవాళ్లకి 11 కంటే తక్కువ వస్తే కాళ్లలో బలం తగ్గినట్టు, పడిపోయే ప్రమాదం ఎక్కువైనట్టు లెక్క. చేతులు ఊనితే స్కోరు సున్నా. మీరు చెప్పినదాన్ని బట్టి ఆవిడ స్కోరు ఇప్పుడు సున్నా దగ్గరే ఉండొచ్చు. అందుకే ఆ 5 కిలోల సంగతి కొన్నాళ్లు పక్కన పెట్టమంటాను. నడక మాన్పించక్కర్లేదు. గుండెకీ షుగర్‌కీ అది మంచిదే. కాకపోతే తొడ కండలు నిలబడటానికి నడక ఒక్కటే సరిపోదు. తిండి తగ్గించి, కండకి పని చెప్పకపోతే తగ్గిన బరువులో కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. ఎముక కూడా కొంత పలచబడుతుంది. ఈ వయసులో పోయిన కండ తిరిగి రావడం కష్టం, కొవ్వు మాత్రం ఇట్టే వచ్చేస్తుంది.

ఇక తిండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ చెబుతుంది. అరవై దాటినవాళ్ల కండని చూసే నిపుణులు 1 నుంచి 1.2 గ్రాముల దాకా తినమంటారు. మీ అమ్మగారికి 70 గ్రాములు లక్ష్యంగా పెట్టుకుంటే చాలు. మా అత్తయ్య ఏం తింటున్నారో ఒకరోజు కూర్చుని లెక్క వేశాం. మూడు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నంలో పప్పుచారు, పలచటి మజ్జిగ, రెండు టీలు, రాత్రి పుల్కాలు, కూర. అంతా కలిపితే 30 గ్రాములు దాటలేదు. "రోజూ పప్పు తింటున్నాను కదమ్మా" అన్నారావిడ. నిజమే, కానీ పప్పుచారులో పప్పు తక్కువ, నీళ్లెక్కువ.

మార్చింది కొంచెమే. పొద్దున ఇడ్లీ బదులు 50 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, ఒక గ్లాసు పాలు: 18 గ్రాములు. మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గించి, 40 గ్రాముల కందిపప్పుతో గట్టిపప్పు, పెద్ద కప్పు గడ్డపెరుగు: ఇది 20. సాయంత్రం టీతో బిస్కెట్లు తీసేసి గుప్పెడు శనగ గుగ్గిళ్లు పెట్టాం, పాలతో కలిపి 8. రాత్రి ఒకే పుల్కా, 30 గ్రాముల మీల్ మేకర్‌తో కూర: 18. మొత్తం 64. మీల్ మేకర్ పడకపోతే పనీర్ 80 గ్రాములు. కోడిగుడ్డు తినేవాళ్లయితే పని ఇంకా సులువు, ఒక్కో గుడ్డుకి 6 గ్రాములు. ప్రొటీన్ అంతా ఒకే పూట కాకుండా మూడు పూటలా పడాలి, వయసు పైబడిన కండకి ప్రతిపూటా గట్టి మోతాదు కావాలి. కొవ్వు కరగాలంటే మొత్తం తిండి తగ్గాల్సిందే కాబట్టి అన్నం, నూనె, బిస్కెట్లు, సాయంత్రపు మిర్చి బజ్జీల దగ్గర కోయండి, పప్పూ పెరుగూ దగ్గర కాదు.

వ్యాయామం విషయానికొస్తే, జిమ్ అక్కర్లేదు. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. మొదటిది కుర్చీలోంచి లేవడమే. మా ఇంట్లో గ్రానైట్ ఫ్లోర్ మీద ప్లాస్టిక్ కుర్చీ జారింది, అందుకే గోడకి ఆనించమన్నాను. మొదట్లో లేవలేకపోతే సీటు మీద మడతపెట్టిన దుప్పటి వేసి ఎత్తు పెంచండి. పాదాలు మోకాళ్ల కంటే కాస్త వెనక్కి జరిపి, కొద్దిగా ముందుకి వంగి, లేస్తూ ఊపిరి వదలాలి. బిగపడితే బీపీ ఒక్కసారి పెరుగుతుంది. కూర్చునేటప్పుడు ధబ్బున పడకుండా మూడు అంకెలు లెక్కపెడుతూ దిగాలి. బలం పెరిగేది అక్కడే ఎక్కువ. 8 సార్లు, కాస్త విశ్రాంతి, మళ్లీ 8. ఆపేటప్పటికి "ఇంకో రెండు చేయగలను" అనిపించాలి. పది ఇంకా మిగిలాయంటే తేలికైపోయింది, దుప్పటి తీసేయండి. ఆ తర్వాత చేతుల్లో లీటరు నీళ్ల సీసాలు పట్టుకోవచ్చు. అలా కష్టం పెంచుకుంటూ పోకపోతే బలం ఉన్నచోటే ఆగిపోతుంది.

దానికి తోడు గోడకి చేతులు ఆనించి పుషప్స్, కిటికీ ఊచలకి రెసిస్టెన్స్ బ్యాండ్ కట్టి రెండు చేతులతో వెనక్కి లాగడం, వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తడం. అంతే, అన్నీ కలిపి అరగంట లోపే.

ఎముకల సంగతి తెలియకుండా బరువులు పెంచకండి. ఒకసారి ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ చేయించండి. ఆ రిపోర్టులో టి స్కోరు మైనస్ 2.5, అంతకంటే కిందికి ఉంటే ఎముకలు బాగా గుల్లబారినట్టు. అప్పుడు ముందుకి వంగి కాలివేళ్లు పట్టుకునే ఆసనాలు, సిటప్స్, నడుము వంచి కింద నుంచి బరువెత్తడం వద్దు, వెన్నుపూసలు నలిగిపోవచ్చు. పార్కులో అందరితో పాటు చేయించే యోగాలో ఇవి తరచూ ఉంటాయి, ముందే చెప్పి పెట్టండి.

కండల నొప్పి ఒకట్రెండు రోజులుండటం మామూలే. మోకాలు వాచినా, మర్నాటికి కీలు నొప్పి పెరిగినా మోతాదు తగ్గించాలి. ఛాతీలో నొప్పి, తల తిరగడం ఉంటే అక్కడికక్కడే ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

డాక్టర్‌ని ముందే అడగాల్సినవి రెండు. ఒకటి, క్రియాటినిన్ చూపించండి. కిడ్నీ దెబ్బతిని ఉంటే ఈ 70 గ్రాముల లెక్క చెల్లదు, ఎంతో వాళ్లే చెప్పాలి. రెండు, షుగర్ మాత్రల్లో గ్లిమిపిరైడ్ ఉందేమో చూడండి. అన్నం సగం చేసి, వ్యాయామం మొదలుపెట్టి, అదే డోసు వేసుకుంటే షుగర్ పడిపోవచ్చు. మా అత్తయ్యకి భోజనానికి ముందు చెమటలు, చేతులు వణకడం మొదలయ్యాయి. గ్లూకోమీటర్‌లో 62 చూపించింది. వెంటనే పంచదార నీళ్లిచ్చాం, డాక్టర్ ఆ తర్వాత డోసు సగం చేశారు.

నెలకోసారి కుర్చీ పరీక్ష పెట్టి, నడుము చుట్టుకొలత రాసుకోండి. బరువు కదలకపోయినా నడుము తగ్గుతూ స్కోరు పెరుగుతుంటే పని జరుగుతున్నట్టే. స్కోరు 11 దాటాక ఆ 5 కిలోల సంగతి చూడొచ్చు, అదీ నెలకి ఒకటి, మహా అయితే రెండు కిలోల చొప్పున.