రిజిస్ట్రేషన్ మీ పేరున, గోడ పక్కాయనది: 12 ఏళ్ల గడువు ఎక్కడి నుంచి?

ప్రశ్న: 2011లో గుంటూరు దగ్గర 200 గజాల ప్లాటు కొన్నాం. మేం ఉండేది హైదరాబాద్‌లో. 2017 సంక్రాంతికి వెళ్తే పక్క ప్లాటాయన మా స్థలాన్ని కూడా కలుపుకొని ప్రహరీ కట్టేసి ఉన్నాడు. అడిగితే ‘చూద్దాంలే’ అంటాడు. లాయర్ నోటీసు ఇచ్చాం. ఈసీలో మా పేరే ఉంది కదా, టెన్షన్ పడాలా?

పడాలండి. ఈసీలో కనిపించేది రిజిస్టరైన లావాదేవీలే, నేల మీద ఎవరున్నారో అందులో ఉండదు. 1963 లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 65 ప్రకారం ఆక్రమించినవాళ్ల నుంచి స్థలం తిరిగి తీసుకోవడానికి యజమానికి 12 ఏళ్లే గడువు. అది దాటితే దావా కొట్టేయడంతో ఆగదు, సెక్షన్ 27 కింద మీ హక్కే పోతుంది. పైగా 2019లో సుప్రీంకోర్టు, 12 ఏళ్లు పూర్తిచేసుకున్న ఆక్రమణదారు తానే దావా వేసి హక్కు అడగొచ్చని చెప్పింది.

గడువు మీరు చూసిన రోజు నుంచి కాదు, ఆయన స్వాధీనం మీ హక్కుకు వ్యతిరేకమైన రోజు నుంచి. గోడ 2016 మేలో లేచి ఉంటే 2028 మేతో అయిపోతుంది. అందుకే ముందు గోడ ఎప్పుడు కట్టారో తేల్చుకోండి, గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు చూస్తే చాలాసార్లు ఏడాది తెలిసిపోతుంది.

నోటీసు ఇచ్చాం కదా అని ఊరుకోకండి, నోటీసుతో గడువు ఆగదు, కోర్టులో దావా వేస్తేనే ఆగుతుంది. ‘చూద్దాంలే’ అన్న మాటకీ విలువ లేదు. గడువులోపే ‘ఈ స్థలం మీదే’ అని రాసి సంతకం పెడితే మాత్రం అక్కడి నుంచి కొత్తగా 12 ఏళ్లు మొదలవుతాయి.

చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇంకోచోట: కోర్టు ఫీజు తక్కువని, ఆయన్ని స్థలం జోలికి రాకుండా ఆపమనే ఇంజంక్షన్ దావా ఒక్కటే వేస్తారు. స్థలం మీ చేతిలో లేనప్పుడు అది నిలవదు, స్వాధీనం ఇప్పించమనే అడగాలి. యాజమాన్యం మీది కాదని ఆయన గట్టిగా వాదిస్తే హక్కు ప్రకటన కూడా కోరాలి. ఫీజు మార్కెట్ విలువను బట్టి ఉంటుంది కాబట్టి ఆ మొత్తం, సర్వే ఖర్చు, లాయర్ ఫీజు ఇప్పుడే పక్కన పెట్టండి.

మీకు కలిసొచ్చేది ఒకటుంది. మీరు దస్తావేజు చూపిస్తే చాలు, 12 ఏళ్లు బహిరంగంగా, ఎడతెగకుండా, మీ హక్కును కాదని అనుభవించానని ఆయనే రుజువు చేయాలి. ఊరికే చాలాకాలం ఉన్నానంటే చాలదు, అద్దెకున్నవాళ్లు, మీ అనుమతితో ఉన్న కాపలావాళ్లు ఎన్నేళ్లున్నా ఆ ఉండటం వల్లే యజమానులు కారు. కానీ మీ దగ్గరున్నది అనుమతి కాదు, అందరికీ కనిపించే గోడ, కాబట్టి ఈ ధీమాతో ఆలస్యం చేయకండి.

ఈలోగా ఎవరికైనా అమ్మేసి బయటపడదామనుకున్నా, కొన్నవారికి కొత్త గడువేమీ రాదు, గోడ లేచినప్పటి నుంచి నడిచిన కాలం వాళ్ల మీదికే వస్తుంది. ఆ సంగతి దాచి అమ్మితే కేసు మీ మీదికి తిరుగుతుంది.