కొత్తవాళ్లకి బడ్డీగా టీమ్ లీడ్‌ని పెట్టకండి

"ప్రాజెక్టు సగంలో ఉండగా మా టీములోకి కొత్తమ్మాయి వస్తోంది. ఏం చదవమనాలి, ఎవరిని తోడు పెట్టాలి, మొదట ఏ పని ఇవ్వాలి?"

అందరికంటే ఎక్కువ తెలిసినవాణ్ణి మాత్రం తోడు పెట్టకండి. నేను పెట్టి చేతులు కాల్చుకున్నాను.

మాది చెల్లింపుల లెక్కలు తేల్చే సాఫ్ట్‌వేర్. ఏడో నెలలో ఒకమ్మాయి చేరింది. 37 డాక్యుమెంట్ల లింకులు మెయిల్ కొట్టి, బడ్డీ అని మా లీడ్ పేరు రాసి, నా పని అయిపోయిందనుకున్నా. లీడేమో పొద్దస్తమానం రిలీజు కాల్స్‌లోనే. ఆమె రెండుసార్లు అతని సీటు దాకా వెళ్లి, చెవులకి హెడ్‌ఫోన్లు చూసి వెనక్కొచ్చేసిందట.

దానికి తోడు రిపోజిటరీ పర్మిషన్ ఆరో రోజుకి గానీ రాలేదు. ఆ టికెట్లు చూసేవాళ్ల గురించి రాస్తే ఇంకో జవాబవుతుంది, వదిలేద్దాం.

చిన్నదే కదా అని, రోజువారీ రిపోర్టులో ఒక కాలమ్ చేర్చే పని ఇచ్చాం. మా డేటాబేస్‌లో టైము యూటీసీలో, అంటే మన టైముకంటే 5:30 గంటలు వెనక ఉంటుంది. ఆ 37లో ఒకదాంట్లో "రిపోర్టు తీసేటప్పుడు 5:30 గంటలు కలపాలి" అని రాసుంది. కలిపింది. నిజానికి ఆ కలపడం ఎప్పుడో వేరే ప్రోగ్రాములో పెట్టేశాం, డాక్యుమెంటు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అలా రెండుసార్లు కలిసి, సాయంత్రం 6:30 దాటాక కట్టిన డబ్బంతా మర్నాటి లెక్కలోకి పోయింది. టెస్టింగులో దొరకలేదా అంటే, మా టెస్టు డేటా అంతా ఆఫీసులో కూర్చుని పగటిపూట చేసిన లావాదేవీలే. క్లయింటు దగ్గర అకౌంట్స్ చూసే ఆయన పట్టుకున్నాడు. తిట్లు ఆమెకి పడ్డాయి, పడాల్సింది నాకు.

ఇప్పుడు నేనిచ్చే జాబితాలో నాలుగే ఉంటాయి. ఒక్కోదాని పక్కన చివరిసారి సరిచూసిన తేదీ, అనుమానమొస్తే అడగాల్సిన మనిషి పేరు. పాతవాళ్లు పని వివరిస్తుండగా తీసిన రెండు గంటల కేటీ రికార్డింగులు అసలివ్వను, అవి చూస్తూ మెలకువగా ఉన్నవాణ్ణి నేనింతవరకు చూళ్లేదు.

బడ్డీగా అందరికంటే చివర చేరినవాణ్ణే పెడతాను. ఎక్కడ తట్టుకుని పడ్డాడో వాడికింకా గుర్తుంటుంది. కాకపోతే ఆ రెండు వారాలు వాడి సొంత పని సగానికి తగ్గించాలి, లేకపోతే పేరుకే బడ్డీ. రోజూ 11 గంటలకి ఇద్దరూ కూర్చోవాలి. అప్పుడు "బిజీగా ఉన్నారా?" అని అడిగే మొహమాటం ఉండదు.

మొదటి పని, సెటప్ డాక్యుమెంటు చూస్తూ తన మెషీన్ మీద అంతా నడిపించుకోవడం, తప్పున్న చోటల్లా తనే దిద్దడం. ఆ తర్వాత స్క్రీన్ మీద ఒక మెసేజ్ మార్చడం లాంటిది ఇస్తాను. మొదటి వారంలోనే అది రివ్యూ దాటి ప్రొడక్షన్‌కి వెళ్లాలి, దారి తెలియడానికన్నమాట. డబ్బు, తేదీలు ఉన్న చోటికి నెల దాకా పంపను. మూడో రోజుకి కూడా ప్రశ్నలేమీ రాలేదంటే అర్థమైందని సంబరపడను, వెళ్లి పక్కన కూర్చుంటాను.

ఆ 5:30 డాక్యుమెంటు అప్పుడే తీసేశాం. పోయిన నెల ఇంకో ఫోల్డర్లో దాని కాపీ దొరికింది.