కింద ఉన్న మొత్తాన్ని ఎవరు కూడారు?

*ప్రశ్న: స్కాన్ చేసిన అమ్మకాల పట్టికను ఒక ఉచిత వెబ్‌సైట్‌లో స్ప్రెడ్‌షీట్‌గా మార్చాను. కింద మొత్తం అసలు కాగితంతో పైసా తేడా లేకుండా సరిపోయింది. అయినా ఆడిటర్ లెక్క తప్పంటున్నారు. ఎలా?*
*– ఒక పాఠకుడు, ఆదోని*

ఈ నెలలో ఇలాంటి ఉత్తరం నాకు రావడం ఇది నాలుగోసారి. మీ ఆడిటర్ చెప్పిందే నిజం. కర్నూలులో మా పక్కింట్లో ఈ మధ్య జరిగింది చెబితే కారణం మీకే తెలుస్తుంది.

ఆ ఇంటి అవ్వ అకౌంటెంట్‌గా పనిచేసి రిటైరయ్యారు. డిగ్రీ చదువుతున్న మనవడు తండ్రి ఉల్లిగడ్డల మండీ పద్దును, అరవై వరుసల పట్టికను, మీలాగే మార్చి ఆమెకు చూపించాడు. కాగితం మీద మొత్తం 4,86,350. తెర మీదా అంతే.

“సరిపోయింది అవ్వా.”

“ఆ మొత్తాన్ని ఎవరు కూడారు నాయనా?”

కుర్రవాడికి అర్థం కాలేదు. ఆమె ఆ గడి మీద నొక్కమన్నారు. పైన ఫార్ములా లేదు, ఉత్త అంకె ఉంది. కాగితం మీది మొత్తాన్ని కూడా యంత్రం ఒక వరుసలాగే చదివి దించుకుంది. దించుకున్న అంకెను దాని మాతృకతో పోలిస్తే కలవక ఏమవుతుంది? ఆమె పక్క గడిలో ఈ రెండూ వేయించారు:

```
=SUM(C2:C61)
=COUNT(C2:C61)
```

మొదటిది 4,78,900 చూపింది. రెండోది 59. అరవై వరుసలున్న పట్టికలో అంకెలు యాభై తొమ్మిదే ఉన్నాయంటే, ఒక గడిలో ఉన్నది అంకె కాదు. అలాంటి గడిని SUM చప్పుడు చేయకుండా దాటిపోతుంది. వరుసలన్నీ చూస్తూ పోతే ఒకచోట 12,450 ఎడమ అంచుకు అతుక్కుని ఉంది. మిగతావన్నీ కుడి అంచున ఉన్నాయి. చివరి సున్నాను యంత్రం ఇంగ్లిషు అక్షరం O గా చదివింది. కంటికి రెండూ ఒకటే.

దాన్ని దిద్దితే మొత్తం 4,91,350 అయింది. ఇప్పుడు అయిదు వేలు ఎక్కువ. మనవడు మళ్లీ మొదటి వరుస నుంచి సరిచూడబోతే అవ్వ ఆపారు. “తేడా తొమ్మిదితో భాగం పోతుందా?” పోదు. చేత్తో ఎక్కించేటప్పుడు 62ని 26గా రాసినట్టు పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగం పోతుంది. అచ్చంగా అయిదు వేలు తేలిందంటే వేల స్థానంలో ఒక్క అంకె మారి ఉంటుంది. స్కాన్ మసకగా ఉంటే యంత్రాలు 3ను 8గా చదవడం మామూలే కాబట్టి, వేల స్థానంలో 8 ఉన్న వరుసలను మాత్రమే కాగితంతో పోల్చమన్నారు. అలాంటివి అయిదే ఉన్నాయి. మూడోది దొరికింది. కాగితంలో 3,240, తెర మీద 8,240.

అప్పటికీ ఆమె ఊరుకోలేదు. ఒకచోట అయిదు వందలు పెరిగి మరోచోట అయిదు వందలు తగ్గితే మొత్తం కలుస్తుంది, పద్దు మాత్రం చెడుతుంది. అందుకే పుట ముప్పై వరుసల చొప్పున విడిగా కూడించి, కాగితం మీది పుట మొత్తాలతో కలిపి చూశారు. అలా చేసినా ఒకే పుటలో రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేస్తే దొరకవు. పెద్ద మొత్తాలున్న వరుసలను ఆమె వేలు పెట్టి చదివారు.

ఇక్కడ నా కోపం ఈ మార్పిడి సైట్లు తయారు చేసేవాళ్ల మీద. ఏ అంకెను అనుమానంగా చదివిందో యంత్రానికి చాలాసార్లు తెలుస్తుంది. ఆ గడికి పసుపు రంగు వేసి చూపిస్తే సరిపోయేది. బదులుగా ఆకుపచ్చ టిక్కు పెట్టి ‘పూర్తయింది’ అంటాయి.

చివర్లో అవ్వ అడిగిన మాట నన్ను ఇంకా కలవరపెడుతోంది. “ఈ కాగితాలు ఎవరి చేతికిచ్చి మార్పించావు?” సైటు పేరు చెప్పాడు గానీ దాని యజమాని ఎవరో, ఏ దేశమో చెప్పలేకపోయాడు. ఆ పద్దులో రైతుల పేర్లు, ఫోను నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు ఉన్నాయి. ‘గంటలో తొలగిస్తాం’ అని సైటు రాసుకుంటే దాన్ని సరిచూసే దారి మనకు లేదు. బ్యాంకు స్టేట్‌మెంట్లయితే మరీ ప్రమాదం. వాటి పాస్‌వర్డు కొన్ని బ్యాంకుల్లో పేరు, పుట్టిన తేదీ కలిపి ఉంటుంది. దాన్ని సైటులో కొట్టారంటే ఖాతా వివరాలతో పాటు పుట్టిన తేదీ కూడా వాళ్లకు అప్పగించినట్టే.

కాబట్టి ముందు మీ పీడీఎఫ్‌లో ఒక అంకె మీద మౌసు లాగి చూడండి. అంకె విడిగా ఎంపికైతే అందులో అక్షరాలున్నాయి. అప్పుడు మీ కంప్యూటర్‌లోనే ఉన్న స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్‌లో పీడీఎఫ్ తెరిచే సదుపాయం ఉంటే చాలు, ఫైలు మీ కంప్యూటర్ దాటదు. ఎంపిక కాకపోతే అది ఫోటో. అరవై వరుసలకు చేత్తో ఎక్కించడమే మేలు, గంట కూడా పట్టదు. మీరు ఇప్పటికే ఎక్కించిన ఫైలును వెనక్కి రప్పించలేరు. అందులో ఖాతా నంబర్లున్న రైతులకు ఒక మాట చెప్పండి, బ్యాంకు పేరుతో వచ్చే ఫోన్లకు ఓటీపీ చెప్పవద్దని.