80 వేల డాలర్లంటే 72 లక్షలు కాదు

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం నాది. మా పెద్దవాడు డల్లాస్‌లో ఎంఎస్ పూర్తి చేశాడు. చదువయ్యాక అక్కడ కొంతకాలం పని చేయనిచ్చే ఓపీటీ మీద ఏడాదికి 80 వేల డాలర్ల ఉద్యోగం వచ్చింది. డాలర్ 90 అనుకుంటే 72 లక్షలు. హైదరాబాద్‌లో 14 లక్షలే ఇస్తామన్నారు. 40 లక్షల లోన్ (11 శాతం వడ్డీ) ఏడాదిలో తీరిపోతుందా? డాలర్ ఇంకా పెరుగుతుందని, ఇప్పుడే పంపకుండా అక్కడే ఉంచమని బంధువులు అంటున్నారు. చిన్నవాణ్ణి కూడా పంపుదామని స్థలం అమ్మకానికి పెట్టాం. ఏది మేలు?

జవాబు: యార్డులో క్వింటాలు రేటు విని రైతు ఇంటికెంత పట్టుకెళ్తాడో చెప్పేయగలరా? తరుగు, కమీషన్, హమాలీ పోయాక మిగిలిందే అతని డబ్బని మీకు తెలిసినంతగా నాకు తెలియదు. కొడుకు జీతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం బోర్డు మీది రేటుతో గుణించేసి ఆగిపోయారు. ఏడాదిలో లోన్ తీరదు. రెండేళ్ల పైచిలుకు పడుతుంది. అయినా ఉద్యోగం తీసుకోమనే చెబుతాను. లెక్క చూడండి.

2025 పన్ను లెక్కల ప్రకారం 80 వేలలో 15,750 డాలర్లకు స్టాండర్డ్ డిడక్షన్ కింద పన్ను పడదు. ఎఫ్1 వీసా మీద ఉన్న విదేశీ విద్యార్థులకు మామూలుగా ఇది దొరకదు. భారత్, అమెరికా మధ్య పన్ను ఒప్పందం ఉండటం వల్ల మనవాళ్లకు దొరుకుతుంది. మిగిలిన దానిపై ఫెడరల్ పన్ను సుమారు 9,050 డాలర్లు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయ పన్ను లేదు, కాలిఫోర్నియాలో అయితే అదీ పడేది. అంటే నెలకు 5,900 డాలర్ల చిల్లర చేతికొస్తుంది. ఆఫీసువాళ్లు హెల్త్ ఇన్సూరెన్స్‌కు కోసుకున్నాక 5,750 అనుకుందాం.

ఒక మెలిక ఉంది. విద్యార్థి వీసా మీద వెళ్లిన మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు ఉండవు. రెండూ కలిపి జీతంలో 7.65 శాతం. కొన్ని కంపెనీల పేరోల్ వాళ్లకు ఈ సంగతి తెలియక కోసేస్తారు. మొదటి పే స్లిప్‌లో ఆ రెండు పేర్లూ ఉన్నాయేమో చూడమనండి. ఉంటే ముందు కంపెనీనే అడగాలి, కుదరకపోతే పన్ను శాఖ నుంచి వాపసు తెచ్చుకోవచ్చు. హెచ్1బీ రాగానే ఈ మినహాయింపు పోతుంది. జీతం అంతే ఉన్నా అప్పుడు నెలకు 510 డాలర్లు తగ్గుతాయి. వీసా వచ్చింది కదా, డబ్బెందుకు తగ్గించావని అప్పుడు వాడిని నిలదీయకండి.

ఖర్చులు: షేరింగ్ అద్దె, కరెంటు 950, తిండి 450, కారు వాయిదా, ఇన్సూరెన్స్, పెట్రోలు 800, ఫోన్, బట్టలు, చిల్లర 450. మొత్తం 2,650. పొదుపుగా ఉండే కుర్రాడికి వేసిన లెక్క ఇది. మిగిలేది 3,100 డాలర్లు.

అదంతా మీకు పంపకూడదు. ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు మించి ఉండటానికి లేదు. ఆ గడ్డు రోజుల్లో అద్దె, కారు వాయిదా ఆగవు. కాబట్టి మొదటి నాలుగు నెలల మిగులు, సుమారు 12 వేల డాలర్లు, వాడి ఖాతాలోనే ఉండాలి. ఆ తర్వాత నెలకు 2 వేలు పంపితే చాలు.

ఇప్పుడు ఆ 2 వేల డాలర్లు గుంటూరు చేరే దారి చూద్దాం. గూగుల్‌లో కనిపించే 90 రూపాయలు బ్యాంకులు తమలో తాము కొని అమ్ముకునే మధ్య రేటు. ఆ రేటు మామూలు మనిషికి దొరకడం అరుదు. రేటులో ఎంత తగ్గిస్తారో, పైన ఎంత ఫీజు తీసుకుంటారో, రెండూ కలిపి చూడాలి. అంకెలు ఉదాహరణకే గానీ తేడాలు ఇలాగే ఉంటాయి.

ఒక యాప్ ‘ఫీజు లేదు’ అంటుంది, రేటు 88.60 ఇస్తుంది. చేరేది 1,77,200. ఇంకో యాప్ 12 డాలర్లు ఫీజు తీసుకుని 89.85 ఇస్తుంది. 1,988ని 89.85తో గుణిస్తే 1,78,622. ఫీజు తీసుకున్నదే చవక! మూడోది బ్యాంకు వైర్. పంపే బ్యాంకు 45 డాలర్లు, మధ్యలో ఉన్న బ్యాంకు 15 డాలర్లు కోసుకుని 1,940 ఇక్కడికొచ్చాయి, మన బ్యాంకు 88.90 కట్టింది. 1,72,466. అందులోంచి కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ సుమారు 245 పోగా 1,72,221. జీఎస్టీని చూసి గోల పెడతారు గానీ అది చిన్నది. లక్ష రూపాయలకు 180, అంతే. అసలు దెబ్బ రేటులోనూ, మధ్య బ్యాంకు కోతలోనూ ఉంటుంది.

మీరు చూడాల్సింది ఒక్కటే అంకె. ఇక్కడ ఖాతాలో పడిన రూపాయలను అక్కడ ఖాతాలోంచి పోయిన మొత్తం డాలర్లతో భాగించండి. మొదటి యాప్‌లో 88.60, రెండోదాంట్లో 89.31, వైర్‌లో 86.11. కొత్త కస్టమర్‌కు మొదటిసారి యాప్‌లు గూగుల్ రేటు కన్నా ఎక్కువ కూడా ఇస్తుంటాయి. అది చూసి అదే యాప్ మంచిదని స్థిరపడిపోవద్దు, రెండోసారి పంపినప్పుడు వచ్చిన రేటే దాని అసలు రేటు. వైర్‌లో కోతలు చాలావరకు స్థిరం. అదే 60 డాలర్లు 500 పంపితే 12 శాతం, 6 వేలు పంపితే 1 శాతం. వైరే చేయాల్సి వస్తే మూడు నెలలది ఒకేసారి, డాలర్లలోనే పంపమనండి. రూపాయల్లోకి అక్కడి బ్యాంకు మారిస్తే రేటు తరచూ ఇంకా దిగుతుంది. పెద్ద మొత్తం వస్తుంటే మీ బ్రాంచిలో ముందే చెప్పి, బోర్డు రేటు కన్నా మంచి రేటు ఇవ్వమని అడగండి. అడిగితే పైసలు కదులుతాయి.

2026 జనవరి 1 నుంచి అమెరికాలో 1 శాతం రెమిటెన్స్ పన్ను వచ్చింది. నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్ చెక్కు ఇచ్చి పంపేవాళ్లకే అది. అక్కడి బ్యాంకు ఖాతాలోంచి గానీ, అక్కడి బ్యాంకు డెబిట్ కార్డుతో గానీ పంపితే పడదు.

డబ్బు మధ్యలో ఇరుక్కునేది ఎక్కువగా పేరు దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, మీ పాస్‌బుక్కులో ఒక్క అక్షరం. యాప్‌లో మీ పేరు పాస్‌బుక్కులో ఎలా ఉందో అలాగే కొట్టాలి. ఇంకోటి, మీది పాత ఆంధ్రా బ్యాంకు ఖాతా అయితే పాత చెక్కుబుక్కు మీది ANDB తో మొదలయ్యే ఐఎఫ్ఎస్‌సీ ఇప్పుడు చెల్లదు. 2020లో యూనియన్ బ్యాంకులో కలిశాక అది UBIN తో మొదలవుతుంది.

యాప్‌లూ వద్దు, బ్యాంకులూ వద్దు, తెలిసినవాళ్ల అబ్బాయికి అక్కడ మనవాడు డాలర్లిస్తే వాళ్లిక్కడ విజయవాడలో రూపాయలిస్తారు అనే ఆలోచన ఉంటే మానుకోండి. ఫీజు లేని దారి అని దానికి పేరు. అది విదేశీ మారక లావాదేవీల చట్టం ఫెమాకు విరుద్ధం, పట్టుబడితే ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా. పైగా ఆ నగదు విదేశాల నుంచి వచ్చిందని చూపడానికి మీ దగ్గర కాగితమే ఉండదు.

ఇక డాలర్లు అక్కడే దాచమన్న బంధువుల సలహా. మీకు కోల్డ్ స్టోరేజీ లెక్క వేరే చెప్పాలా? రేటు పెరుగుతుందని మిర్చి టిక్కీలు దాచిన రైతుకు అద్దె, అప్పు మీద వడ్డీ పోగా మిగిలితేనే లాభం. ఇక్కడ వడ్డీ 11 శాతం. 1,78,600 రూపాయలను లోన్‌కు కట్టకుండా ఆర్నెల్లు ఆపితే వడ్డీ 9,800. ఆ నష్టం పూడాలంటే డాలర్ ఆర్నెల్లలో 90 నుంచి 95కు పోవాలి. అక్కడి సేవింగ్స్ వడ్డీ కలుపుకున్నా 93 దాటాలి. 2014లో 60 చిల్లర ఉన్న డాలర్ 2025 డిసెంబరులో 90 దాటింది. సగటున ఏడాదికి మూడున్నర శాతం. మీ వడ్డీలో మూడోవంతు. అదీ నిచ్చెన మెట్లలా పెరగలేదు. 2013 ఆగస్టులో 68 దాటి, రెండు నెలల్లోపే 62 కిందికి జారింది. లోన్ ఉన్నంతకాలం నెలనెలా పంపే ఆ 2 వేల డాలర్లు వచ్చిన నెలే లోన్‌కు పడాలి. పైన చెప్పిన 12 వేలు వేరు, అవి భద్రత కోసం.

అలా నెలకు 1,78,000 కడితే 40 లక్షలు 26 నెలల్లో తీరతాయి. డబ్బు కూడబెట్టే మొదటి నాలుగు నెలల్లోనూ వడ్డీ నెలకు 36,700 చొప్పున పెరుగుతూనే ఉంటుంది. వాయిదాలు కట్టనక్కర్లేని మారటోరియం ఏ నెలతో అయిపోతుందో బ్యాంకులో ఈ వారమే అడిగి రాసుకోండి. మీ అసలు భయం నాకు అర్థమైంది, ఉద్యోగం అటూ ఇటూ అయితే ఇల్లు పోతుందేమోనని కదా! పదేళ్ల వాయిదా నెలకు సుమారు 55,100. డాలర్లలో చూస్తే 620 కూడా లేదు. వాడి జీతం తగ్గినా అది కట్టగలడు, మూడు నెలలు ఉద్యోగం లేకపోయినా దాచిన డబ్బులోంచి వెళ్తుంది. నిశ్చింతగా నిద్రపోండి.

హైదరాబాద్‌తో పోలిక అడిగారు. 14 లక్షలంటే చేతికి నెలకు లక్ష. ఖర్చులు పోగా 60 వేలు మిగిలినా వాయిదాకే సరి. జీతం పక్కన జీతం పెట్టకుండా మిగులు పక్కన మిగులు పెట్టినా పెద్దవాడి విషయంలో డల్లాసే నెగ్గుతుంది, ఎందుకంటే చదువుకైన ఖర్చు ఎలాగూ అయిపోయింది.

చిన్నవాడి సంగతి అలా కాదు. వాడికి డాలర్ పెరగడం ముందు నష్టం, తర్వాతెప్పుడో లాభం. 45 వేల డాలర్ల ఫీజు డాలర్ 83 ఉన్నప్పుడు 37.35 లక్షలు, 90కి 40.5 లక్షలు. బ్యాంకు లోన్ మంజూరు చేసేది రూపాయల్లో. నడుమ డాలర్ పెరిగితే ఆఖరి సెమిస్టర్ ఫీజుకు లోన్ చాలదు, ఆ మూడు లక్షలకు మీరు నూటికి రెండు రూపాయల వడ్డీకి పరిగెత్తాలి. ఆ తర్వాత ఉద్యోగం, ఆ తర్వాత ఏడాదికి 85 వేలే ఉన్న హెచ్1బీల లాటరీ. అన్న జీతాన్ని 90తో గుణించి తమ్ముడి కోసం స్థలం అమ్మేయడం, ఏమనుకోకండి, పక్క చేనులో కాపు చూసి మన చేనుకు అప్పు తేవడమే. మీ పెద్దవాడిని ఆరు నెలల పే స్లిప్పులు, పంపిన డాలర్లు, చేరిన రూపాయలు ఒక కాగితం మీద రాసి పంపమనండి. అప్పటిదాకా స్థలానికి అడ్వాన్సు తీసుకోవద్దు.