ఆవిరిని చూసి నమ్మవద్దు

చిరంజీవి మేనల్లుడికి,
మామయ్య ఆశీస్సులు.

మూడు వందల మందికి బుఫే ఒప్పుకున్నానని రాశావు. వండడం నీకు నేను నేర్పనక్కరలేదు. వంట దించాక, చివరి అతిథి తినే దాకా మధ్యలో ఉండే ఆ మూడు నాలుగు గంటల గురించే ఈ ఉత్తరం.

కొత్తలో నేనూ ఒక పొరపాటు చేశాను. మాంసం కూర వడ్డన బల్ల మీద ఉంది, కింద బర్నర్లు వెలుగుతున్నాయి, మూత తీస్తే ఆవిరి కమ్ముకుంటోంది. ఇంకేం కావాలి అనుకున్నాను. నాకంటే పెద్ద వంటమనిషి ఒకాయన వచ్చి కూర నడుమ థర్మామీటర్ గుచ్చితే 48 డిగ్రీలు చూపించింది. ఆ ఆవిరి కూరది కాదు, అడుగు పళ్లెంలోని నీళ్లది.

బుఫే గిన్నె పొయ్యి కాదు. ఉన్న వేడిని కాపాడుతుంది, లేని వేడిని తెచ్చిపెట్టలేదు. చల్లారిన కూరను అందులో పోసి మంట పెంచితే, అది ప్రమాదకరమైన వేడిలోనే గంటల తరబడి నానుతుంది. కాబట్టి కూర పొయ్యి మీదే 75 డిగ్రీలు దాటాలి, అక్కడి నుంచి నేరుగా గిన్నెలోకి రావాలి. అడుగు పళ్లెంలో మరిగిన నీళ్లు పోసి, అరగంట ముందే బర్నర్లు వెలిగించు. ఆ నీళ్లు పై గిన్నె అడుగును తాకుతూ ఉండాలి.

వడ్డిస్తున్నంత సేపూ కూర 60 డిగ్రీలకు తగ్గకూడదు. నిబంధన దేశాన్ని బట్టి 57, 60, 63 అని మారుతుంది. నువ్వు 65 దగ్గర పెట్టుకో, మూత తీసినప్పుడు జారే నాలుగైదు డిగ్రీలకు చోటుంటుంది.

ఎందుకింత పట్టుదల అంటావేమో. మాంసంలోనూ మసాలాల్లోనూ ఉండే కొన్ని సూక్ష్మక్రిముల బీజాలు మరిగించినా చావవు. వేడి తగ్గగానే మొలకెత్తుతాయి. క్లోస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ అనేదానికి 45 డిగ్రీల దగ్గర వేడి బాగా నచ్చుతుంది, అక్కడ సుమారు పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. అంటే ఒకటి గంటలో 64, రెండు గంటల్లో నాలుగు వేలు, మూడు గంటల్లో రెండున్నర లక్షలు. రుచీ వాసనా మాత్రం మారవు. అందుకే రుచి చూసి తేల్చేవాళ్లను నేను నమ్మను.

అరగంటకోసారి ప్రతి కూరనూ అడుగు దాకా కలిపి, ఆ తర్వాత నడుమ థర్మామీటర్ గుచ్చు. మొన గిన్నె అడుగుకు తగిలితే తప్పుడు అంకె వస్తుంది. ఒక కూర నుంచి ఇంకో కూరకు వెళ్లేటప్పుడు దాన్ని శుభ్రం చెయ్యి. చూసిన వేళ, వచ్చిన అంకె కాగితం మీద రాసిపెట్టు. ఆ కాగితం ఎందుకు పనికొస్తుందో చెబుతాను.

ఒంటిగంటకు కూర 64 ఉంది, ఒకటిన్నరకు చూస్తే 53. 60 కిందికి ఎప్పుడు జారిందో తెలియదు గానీ, ఒంటిగంట తర్వాతే జారిందని తెలుసు. అంటే మహా అయితే అరగంట. గిన్నె తీసి పొయ్యి మీద 75 దాటే దాకా మరిగించి, మళ్లీ పెట్టవచ్చు. అదే కాగితం లేకపోతే, చివరిసారి 60 పైన ఉందని నీకు తెలిసింది కూర బల్ల మీద పెట్టినప్పుడే. పన్నెండుకు పెట్టి రెండున్నరకు మొదటిసారి చూస్తే రెండున్నర గంటలు పోయినట్టే లెక్క. రెండు గంటలు దాటితే నేను పారబోస్తాను. కొన్ని చోట్ల నాలుగు గంటల దాకా వడ్డించనిస్తారు గానీ, నాకు ఆ ధైర్యం లేదు. మరిగిస్తే సరిపోదా అని అడగకు: కొన్ని క్రిములు ముందే వదిలిన విషం మరిగించినా పోదు.

పాత కూర మీద కొత్త కూర ఎప్పుడూ పోయవద్దు. పోస్తే అడుగున ఉన్నది ఏ వేళకు చెందిందో ఎవరికీ తెలియదు. చిన్న గిన్నెలు పెట్టి, ఖాళీ అయినదాన్ని తీసేసి కొత్త గిన్నె తెప్పించు.

ఇక మిగిలినవి. అతిథుల ముందు పెట్టినది ఎంత మిగిలినా పారేయి. ఎవరి గరిటె ఎక్కడ మునిగిందో, ఎవరు దాని మీద తుమ్మారో నీకు తెలియదు. లోపల వేడిగానే ఉండి బయటికి రాని కూర మాత్రం దాచవచ్చు. పెద్ద గుండిగలో వదిలితే నడిభాగం తెల్లవారినా చల్లారదు. రెండంగుళాల లోతు మించని పళ్లేల్లో పరిచి, 60 నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో, అక్కడి నుంచి 5 డిగ్రీలకు మరో నాలుగు గంటల్లో దించు. మొదటి రెండు గంటల్లో 21కి దిగకపోతే అదీ పోయినట్టే.

అన్నట్టు, నీ థర్మామీటర్‌ను ఐసు ముక్కలు నిండా వేసిన నీళ్లలో పెట్టి చూడు. సున్నా చూపించకపోతే ఆ రోజుకు ముందే వేరేది కొనుక్కో.

మీ మామయ్య