కోడలిని డైరెక్టర్‌గా పెడతామంటే ఏం చూసుకోవాలి?

ప్రశ్న: మా మామయ్యగారిది పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ, స్టాక్ మార్కెట్లో లిస్ట్ కాలేదు. పోయిన ఏడాది టర్నోవర్ 320 కోట్లు. బోర్డులో ఒక మహిళ ఉండి తీరాలని ఆడిటర్ చెప్పారట. "నీ పేరు పెడతాం, సంతకం చేస్తే చాలు, మీటింగులకు రానక్కర్లేదు" అంటున్నారు. రేపు బ్యాంకు అప్పుకో, చెక్ కేసుకో నేను ఇరుక్కుంటానా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆడిటర్ చెప్పింది నిజమే. 2013 కంపెనీల చట్టం 149వ సెక్షన్, దాని కింది నియమాల ప్రకారం లిస్టెడ్ కంపెనీలన్నిటికీ కనీసం ఒక మహిళా డైరెక్టర్ ఉండాలి. లిస్ట్ కాని పబ్లిక్ కంపెనీకైతే పెయిడప్ క్యాపిటల్ 100 కోట్లు గానీ, టర్నోవర్ 300 కోట్లు గానీ ఉంటే ఈ రూల్ వర్తిస్తుంది. ఆఖరుసారి ఆడిట్ అయిన లెక్కల్లోని అంకెనే చూస్తారు. ఆ మహిళ ఇంటి మనిషి కాకూడదని చట్టం ఎక్కడా అనలేదు, కాబట్టి మీ నియామకం చెల్లుతుంది. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు మాత్రం సెబీ ఇండిపెండెంట్ మహిళా డైరెక్టర్ ఉండాలంటుంది. అక్కడ ప్రమోటర్ కోడలు పనికిరాదు.

చెల్లుబాటు సంగతి అంతే. "మీటింగులకు రానక్కర్లేదు" అన్న మాట దగ్గరే అసలు చిక్కు. పన్నెండు నెలల్లో జరిగిన బోర్డు మీటింగుల్లో ఒక్కదానికీ వెళ్లకపోతే, సెలవు అడిగినా అడగకపోయినా, 167వ సెక్షన్ ప్రకారం పదవి దానంతటదే పోతుంది. కంపెనీ మళ్లీ మొదటికొస్తుంది. అది తప్పించుకోవడానికి చాలాచోట్ల ఏం చేస్తారంటే, ఏడాది చివర అటెండెన్స్ రిజిస్టర్ ఇంటికి పంపి అన్ని మీటింగులకూ ఒకేసారి సంతకాలు పెట్టిస్తారు. ఆ సంతకం పెట్టారంటే మీరు చూడని తీర్మానాలన్నిటికీ మీరు అక్కడ ఉన్నట్టే. తర్వాత "నాకేం తెలియదు" అంటే వినేవాళ్లుండరు. రోజువారీ పని చూడని నాన్ ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్‌కు 149(12) ఇచ్చే రక్షణ, బోర్డు ద్వారా తన దృష్టికి రాని, తన సమ్మతి లేని, తను శ్రద్ధగా ఉన్న విషయాలకే. కాగితం మీద హాజరై మనిషి లేకపోతే ఆ రక్షణను చేజేతులా వదులుకున్నట్టే.

బ్యాంకు అప్పు గురించి. డైరెక్టర్ అయినంత మాత్రాన కంపెనీ అప్పు మీ నెత్తిన పడదు. మీరు వ్యక్తిగత గ్యారంటీ పత్రం మీద సంతకం చేస్తేనే పడుతుంది. లోన్ రెన్యువల్ కాగితాల కట్టలో ఆ పత్రం కూడా ఉండొచ్చు, కాబట్టి ప్రతి పేజీ శీర్షిక చదవండి. డైరెక్టర్‌గా సమ్మతి తెలిపే డీఐఆర్-2 ఫారం వేరు, గ్యారంటీ వేరు. మొదటిదానికి ఒప్పుకుంటే రెండోదానికి ఒప్పుకోవాలని లేదు.

చెక్ బౌన్స్ కేసుల్లో, కంపెనీ వ్యవహారాలు ఆ సమయానికి నడిపిస్తున్న బాధ్యుల మీదే కేసు నిలుస్తుంది, ఉత్త డైరెక్టర్ పదవి చాలదని 2005లో ఎస్.ఎమ్.ఎస్. ఫార్మాస్యూటికల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే చెక్ మీద సంతకం చేసినవాళ్లకు ఈ మినహాయింపు లేదు. అందుకని చెక్ పవర్ తీసుకోకండి. ఇక, డైరెక్టర్ అయ్యాక మీ పేర డిజిటల్ సంతకం తీస్తే ఆ యూఎస్‌బీ టోకెన్, పిన్ అకౌంటెంట్ బీరువాలో పడి ఉండటం మామూలే. దాంతో మీకు తెలియకుండానే ఫారాలు దాఖలవుతాయి. టోకెన్ మీ దగ్గరే పెట్టుకోండి.

ఒప్పుకోదలచుకుంటే మామయ్యగారితో ముందే మాట్లాడుకోండి: ప్రతి మీటింగుకూ ఏడు రోజుల ముందు నోటీసు, అజెండా మీకు రావాలి. ఊళ్లో లేకపోతే వీడియోలో హాజరవుతారు. డ్రాఫ్ట్ మినిట్స్ వచ్చాక మీ అభ్యంతరం ఏదైనా ఉంటే అందులో ఎక్కించమని ఈమెయిల్లో అడగండి. ఆ ఈమెయిలే రేపు మీకు సాక్ష్యం.

మామయ్యగారికి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. టర్నోవర్ 100 కోట్లు దాటిన పబ్లిక్ కంపెనీకి ఇద్దరు ఇండిపెండెంట్ డైరెక్టర్లు ఎలాగూ కావాలి. మీరు ప్రమోటర్ కోడలు కాబట్టి ఆ లెక్కలోకి రారు. ఆ ఇద్దరిలో ఒకరిగా బయటి మహిళను, రిటైరైన బ్యాంకు అధికారినో చార్టర్డ్ అకౌంటెంట్‌నో తీసుకుంటే రెండు రూల్సూ ఒకే నియామకంతో తీరతాయి. నాకైతే ఇదే మేలనిపిస్తుంది, కంపెనీకీ, మీకూ.

ఇవేవీ కుదరక మీరు చేరి, తర్వాత బయటికి రావాలనుకుంటే రాజీనామా లేఖ కంపెనీకి అందిన రోజు నుంచే, లేదా మీరు అందులో రాసిన తేదీ ఇంకా తర్వాతదైతే ఆ తేదీ నుంచి అమల్లోకి వస్తుంది. ఎవరి ఆమోదమూ అక్కర్లేదు. మీరు తప్పుకున్నట్టు తెలిపే డీఐఆర్-12 ఫారం కంపెనీ దాఖలు చేయకుండా నాన్చితే మీరే డీఐఆర్-11 ఫారంలో రిజిస్ట్రార్‌కు తెలియజేయవచ్చు. లేఖ చేతికిచ్చి ఊరుకోకుండా ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపి రసీదు దాచుకోండి.