లీటరు పాలకు అసలు ఖర్చెంత?

ప్రశ్న: మాకు 5 ముర్రా గేదెలున్నాయి. మూడు పాలిస్తున్నాయి, రెండు వట్టిపోయాయి. రోజుకు 21 లీటర్లు కేంద్రానికి పోస్తే లీటరుకు రూ.50 వస్తోంది. దాణాకు లీటరుకు రూ.20 మాత్రమే అవుతోంది. బ్యాంకు కిస్తీ నెలకు రూ.5,500. అయినా నెలాఖరుకు ఏమీ మిగలడం లేదు. లోపం ఎక్కడ? ఖర్చుల చిట్టా జతచేశాను.

జవాబు: మీ రూ.20 పాలిచ్చే మూడు గేదెలు తినే దాణా ఖర్చు మాత్రమే. మీ చిట్టా ప్రకారం ఆ దాణాకు రోజుకు రూ.420, అయిదు గేదెల పచ్చిమేతకు 150, ఎండుగడ్డికి 150, వట్టి గేదెల దాణాకు 84, మందులు, కరెంటు వంటి వాటికి 60 కలిపి రూ.864 అవుతోంది. అంటే లీటరుకు రూ.41 చేతి నుంచి పోతోంది. పాల డబ్బులో మిగిలే రూ.186 నెలకు దాదాపు కిస్తీకే సరిపోతుంది.

అయితే కిస్తీలో అసలు భాగం ఖర్చు కాదు, వడ్డీ మాత్రమే ఖర్చు. అది రోజుకు రూ.50 అనుకుందాం. 90 వేలకు కొన్న గేదెను ఆరేళ్ల తర్వాత 40 వేలకు అమ్ముతారనుకుంటే, ఆ తరుగు అయిదింటికీ కలిపి రోజుకు రూ.114. మీ ఇంటివారి శ్రమకు రూ.300 వేసి, పేడ విలువ రూ.40 తీసేస్తే లీటరు ఖర్చు రూ.61 దాటుతుంది. శ్రమను పక్కన పెడితే అది రూ.47, అంటే ఇద్దరు రోజంతా చేసే పనికి మీకు దక్కుతున్నది రూ.62 కూలి.

లోపం దాణా బస్తాలో కాదు, ఈతకూ ఈతకూ మధ్య ఎడంలో ఉంది. అయిదింటిలో మూడే పాలిస్తున్నాయంటే, గేదె సుమారు 300 రోజులు పాలిచ్చి 200 రోజులు వట్టిగా ఉంటోందని, అంటే సుమారు పదహారున్నర నెలలకు ఒకసారి ఈనుతోందని అర్థం. అది 14 నెలలైతే ఒక్కో ఈతకు 80 వట్టి రోజులు తగ్గుతాయి. వట్టి గేదె మేపు రోజుకు రూ.102 కనుక రూ.8,160 మిగులుతుంది. ఒక ఈతలో వచ్చే 2,100 లీటర్లకు పంచితే లీటరుకు దాదాపు రూ.4. ఇది నిజమైతే మీ కూలి రెండింతలు దాటుతుంది కానీ, పూర్తి రూ.300 అప్పటికీ రాదు.

చూడి మోసే కాలం సుమారు 310 రోజులు కాబట్టి, 14 నెలలకు ఈనాలంటే గేదె ఈనిన 110 రోజుల్లోపు చూడి కట్టాలి. ముర్రాల్లో, ముఖ్యంగా వేసవిలో, మూగ ఎద ఎక్కువ, అరుపు వినిపించకపోవచ్చు. ఈనిన రెండు నెలల నుంచి తెల్లవారుజామునా రాత్రి పొద్దుపోయాకా తీగలాంటి జిగురు కారుతోందా, మాటిమాటికీ మూత్రం పోస్తోందా అని చూసి, ఎద మొదలైన 12–18 గంటల్లో చూడి సూది వేయించండి. ఆ తేదీ రాసుకుని మూడో నెలలో చూడి పరీక్ష చేయించండి. చాలామంది ఈ పరీక్షనే వదిలేసి, చూడి లేదని ఆరో నెలలో తెలుసుకుంటారు. మూడు సూదులకీ కట్టని గేదెను పశువైద్యుడికి చూపించి, ఆ తర్వాతే ఉంచాలో అమ్మాలో తేల్చుకోండి. ఖర్చు తగ్గించాలని చూడి గేదెకు చివరి రెండు నెలల దాణా మాత్రం కోయకండి. తర్వాతి ఈత పాలు అక్కడే తగ్గుతాయి.